జఖ్మ్ అంటే గాయమేనా, భాయీ?

పోయిన నెల ఒక తెలుగు గజళ్ళ పుస్తకం ఆవిష్కరణ సభకు వెళ్ళాను. రాసినవాడు నా దోస్త్. వేదిక మీద ఒక పెద్దాయన మాట్లాడారు. తెలుగులో బాగా చదువుకున్న మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను, అవసరం లేదు. ఆయన అన్న మాట మాత్రం రాస్తాను.

"ఉర్దూ గజల్లో ఏముందండీ? ప్రేమ, నొప్పి, గాయం. ప్రేమించాడు, నొప్పి పుట్టింది, గాయమైంది. గాయం మానొద్దు అంటాడు, నొప్పి తగ్గొద్దు అంటాడు. ఆస్పత్రికి పోకుండా కవిత్వం రాశాడు."

సభ నవ్వింది. నా పక్కన కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు మరీ గట్టిగా నవ్వారు. వాళ్ళిద్దరూ మన పిల్లలే, ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు, ఇంగ్లీషు చదువుకున్న పిల్లలు. వాళ్ళ నవ్వు నాకు ఎక్కువ తగిలింది. ఆ పెద్దాయనకు గజల్ పరాయిది. వీళ్ళకు వాళ్ళ దాదాలు గుణుక్కునేది.

లేచి జవాబు చెప్దామనుకున్నాను. అంతలో ఆయన జేబులోంచి ఒక పాత పేపరు ముక్క తీశారు. "ఇది నా అర్థం కాదు, వాళ్ళవాళ్ళు ఇచ్చిందే" అని చదివారు. ఇష్క్ అంటే ప్రేమ, దర్ద్ అంటే నొప్పి, జఖ్మ్ అంటే గాయం.

ఆ ముక్క నాది, యార్. పదేళ్ళ కింద ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో వారానికి పది ఉర్దూ మాటలకు తెలుగు అర్థాలు రాసేవాణ్ణి. ఒక్కో మాటకు ఒక్కో మాట, అంతకు మించి చోటు లేదనేవారు. నేనూ అడగలేదు. పైసలొచ్చాయి, పేరొచ్చింది. ఇప్పుడు ఆ పది మాటల డబ్బా నా మీదికే తిరిగొచ్చింది. లేవబోయినవాణ్ణి కూర్చుండిపోయాను.

కాబట్టి ఈ తగాదా ఆ పెద్దాయనతో కంటే ముందు నాతోనే. ఆ మూడు మాటలకు ఆ రోజు చేసిన అన్యాయం ఏమిటో చెప్పి, ఆ తర్వాత ఆయన దగ్గరికి వస్తాను.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మా అబ్బా కూడా వింతగా చూశాడు. అక్కడ మా తెలుగు లెక్చరర్ గారు క్షేత్రయ్య పదాలు చెప్పేవారు. మొదటి రోజే ఒక హెచ్చరిక చేశారు. "మువ్వగోపాలుడు అంటే ఒక నాయికకు ప్రియుడు అని మాత్రమే రాస్తే సున్నా వేస్తాను. దేవుడు అని మాత్రమే రాసినా సున్నాయే. రెండూ ఒకేసారి కనపడుతున్నాయా లేదా, అది చెప్పండి." ఇంకోసారి విరహం గురించి అడిగారు. ఎవరో "దూరంగా ఉండడం సార్" అన్నారు. "బస్సు తప్పిపోయినవాడూ దూరంగానే ఉంటాడు నాయనా" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. కానీ విరహం ఏమిటో అందరికీ తెలిసిపోయింది.

నా సవాల్ ఇదే. విరహానికి ఇచ్చిన ఆ మర్యాద దర్ద్‌కు ఎందుకివ్వరు? మువ్వగోపాలుడికి ఉన్న రెండు ముఖాలు గజల్ మహబూబ్‌కు ఎందుకుండవు? తెలుగు చదువుకున్నవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. సొంత కవిత్వం దగ్గర రోజూ చేసే పనే. మా వీధిలోకి వచ్చేసరికి మాత్రం ఒక్క మాట అర్థంతో సరిపెట్టుకుంటారు.

ఖైర్. మొదటి మాట ఇష్క్.

ఉర్దూలో ప్రేమకు మొహబ్బత్ ఉంది, ప్యార్ ఉంది, ఉల్ఫత్ ఉంది, చాహత్ ఉంది. అన్నింటికీ నేను ప్రేమ అనే రాశాను. మరి ఇన్ని ఎందుకున్నట్టు? మొహబ్బత్ అరబీ మాట. విత్తనాన్ని కూడా అదే ధాతువు నుంచి వచ్చిన మాటతో పిలుస్తారు. అందుకే మొహబ్బత్ అంటే నేలలో పడి, వాన కోసం ఆగి, మొలిచేది అని పాత సూఫీలు విడమరిచి చెప్పారు. ఇష్క్ దారి వేరు. చెట్టును చుట్టుకుని, దాని రసం తాగి, చివరికి దాన్ని ఎండగొట్టే తీగ పేరుతో పాత అరబీ నిఘంటుకారులు ఇష్క్‌ను ముడిపెట్టారు. భాషాశాస్త్రవేత్తలు ఆ ముడి ఒప్పుకున్నా లేకపోయినా మాకు పట్టింపు లేదు. కవులు దాన్ని నమ్మారు. మన ఊళ్ళల్లో కంచెల మీద పసుపు దారాల్లాగా అల్లుకునే ఒక తీగ ఉంటుంది, చూశారా? ఆకులుండవు, నేలలో వేరుండదు, పట్టుకున్న కొమ్మే దానికి నేల. ఇష్క్ అంటే నాకు అదే గుర్తొస్తుంది. పట్టిన మనిషిని మనిషిగా ఉండనివ్వదు.

అందుకే ఈ మాట మీద దీన్ తెలిసినవాళ్ళలోనే పాత బహస్ ఒకటి ఉంది. ఖురాన్‌లో హుబ్, మొహబ్బత్ అనే ధాతువు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇష్క్ అనే మాట రాదు. హద్దు దాటిన తపనను అల్లాహ్ విషయంలో వాడొచ్చా అని కొందరు ఉలమా అభ్యంతరం చెప్పారు. సూఫీలు ఆ హద్దు దాటడం కోసమే ఆ మాట పట్టుకున్నారు. మనిషి మీది ఇష్క్ మజాజీ, అల్లాహ్ మీది ఇష్క్ హఖీఖీ అన్నారు. మొదటిది రెండోదానికి వంతెన అన్నారు. గజల్‌లో ఇష్క్ ఆ వంతెన మధ్యలో నిలబడి మాట్లాడుతుంది. ఏ ఒడ్డున ఉందో చెప్పదు. చెప్పకపోవడమే దాని పని.

ఇదంతా ఢిల్లీ, లఖ్‌నవూ సంగతి, మనకేం పట్టిందంటారా? మన గోల్కొండకే రండి. 1635లో ముల్లా వజ్‌హీ ఇక్కడే 'సబ్‌రస్' అని దక్కనీలో వచన కథ రాశాడు. అడిగినవాడు అబ్దుల్లా ఖుతుబ్ షా. మూలం పారసీ నుంచి వచ్చిన కథే, కానీ మాట మన దక్కనీది. అందులో అఖ్ల్, అంటే బుద్ధి, ఒక పాదుషా. అతని కొడుకు దిల్. ఇష్క్ ఇంకో పాదుషా. అతని కూతురు హుస్న్. దిల్‌కు హుస్న్ కావాలి. రెండు రాజ్యాల మధ్య లడాయి వస్తుంది. చూశారా, ఇష్క్ ఇక్కడ మనిషి లోపల పుట్టే ఒక భావం కాదు. ఫౌజ్ ఉన్న రాజు. బుద్ధి మీద దండెత్తి వచ్చేవాడు. అతన్ని 'ప్రేమ' అని తెలుగులో పెట్టండి. 'ప్రేమ అనే రాజు' అంటే చందమామ కథలాగా ఉంటుంది. భయం పుట్టదు. ఇష్క్‌లో భయం ఉండాలి, భాయీ.

రెండో మాట దర్ద్. నేను అన్నిటికంటే ఎక్కువ పాపం చేసింది దీని దగ్గరే.

దర్ద్ అంటే నొప్పి అని రాశాను. తప్పు కూడా కాదు. తలనొప్పిని సర్‌దర్ద్ అంటాం, కడుపునొప్పిని పేట్ కా దర్ద్ అంటాం. ఆస్పత్రిలో డాక్టరుకు ఆ మాటే చెప్తాం. కానీ ఒక చిన్న పరీక్ష పెట్టండి. దర్ద్ అంటే నొప్పే అయితే బేదర్ద్ అంటే ఎవరు? నొప్పి లేనివాడు. అంటే హాయిగా ఉన్నవాడు, ఆరోగ్యవంతుడు. కానీ మా అమ్మీ ఎవరినైనా బేదర్ద్ అందంటే అది తిట్టు. కనికరం లేనివాడని. దర్ద్‌మంద్ అంటే రోగి కావాలి కదా? కాదు. ఇతరుల కష్టానికి కరిగేవాడు. హమ్‌దర్ద్ అంటే పక్క మంచం పేషెంటు కాదు. నీ దర్ద్‌లో పాలు పంచుకునేవాడు. 1906లో ఢిల్లీలో హకీమ్ అబ్దుల్ మజీద్ దవాఖానా పెట్టి దానికి హమ్‌దర్ద్ అని పేరు పెట్టాడు. రూహ్ అఫ్జా సీసా మీద ఆ పేరు చూడనివాళ్ళు తక్కువ. నొప్పి తగ్గించాల్సిన వైద్యుడు 'నీతో పాటు నొప్పి పడేవాణ్ణి' అని బోర్డు పెట్టుకున్నాడు. దర్ద్ అంటే ఒట్టి నొప్పే అయితే అది వ్యాపారం దివాలా తీసే బోర్డు.

కాబట్టి దర్ద్‌లో రెండు పొరలున్నాయి. పైపొర నొప్పి. లోపలి పొర నొప్పి పడగలిగే గుణం. తెలుగులో దీనికి మాట లేకపోలేదు. 'గుండెలో తడి' అంటాం. 'వాడి గుండె రాయి' అంటే తడి లేదని. దర్ద్ ఆ తడి, ఆ పోటు, రెండూ కలిసిన మాట.

ఇప్పుడు ఆ పెద్దాయన జోక్ మళ్ళీ వినండి. నొప్పి తగ్గొద్దు అంటాడట గజల్ కవి. అవును, అంటాడు. నొప్పి తగ్గొద్దు అని తెలుగులో వింటే పిచ్చివాడి మాట. గుండెలో తడి ఆరిపోవద్దు అని వింటే దువా. మాట ఒకటే, అర్థం ఇచ్చినవాడి బద్ధకం వల్ల దువా కాస్తా పిచ్చి అయింది. గజల్‌లో దవా వద్దనే ప్రతి షేర్ వెనుక ఉన్నది ఈ లెక్కే. మందు పోటును తీసేస్తే దాంతో పాటు తడినీ తీసేస్తుందేమోనని ఆ భయం. 18వ శతాబ్దంలో ఢిల్లీలో ఒక నఖ్ష్‌బందీ సూఫీ కవి (1721–1785) తన తఖల్లుస్‌గా ఆ మాటనే ఎంచుకున్నాడు. ఖ్వాజా మీర్ దర్ద్. మనిషి తన పేరుగా జబ్బు పేరు పెట్టుకోడు కదా.

ఇంకో ముచ్చట ఉంది, ఇది ఉర్దూ లిపి చదివితేనే కనపడుతుంది. ఉర్దూలో చిన్న అచ్చులకు గుర్తులు మామూలుగా పెట్టం. దాల్, రే, దాల్ అని మూడు అక్షరాలు రాస్తే అది దర్ద్ అని చదవొచ్చు, దుర్ద్ అనీ చదవొచ్చు. దుర్ద్ అంటే సీసా అడుగున మిగిలే మడ్డి. పైన తేరిన షరాబ్ గొప్పవాళ్ళు తాగేస్తారు, అడుగు మడ్డి మిగిలినవాడికి వస్తుంది. పారసీ కవులు, వాళ్ళ వెనుక ఉర్దూ కవులు ఈ పోలికతో ఆడుకున్నారు. కాగితం మీద రెండూ ఒకే బొమ్మ. నొప్పి, మడ్డి, రెండూ కడపటివాడి వాటా. తెలుగు లిపిలో 'ద' రాయగానే ఆ ఆట ఖతమ్. దానికి తెలుగు లిపిని తప్పు పట్టను, అది తన పని తాను స్పష్టంగా చేస్తోంది. ఆట ఉండేదని ఒక వాక్యం చెప్పడానికి మాత్రం నాకేం అడ్డొచ్చింది?

మూడోది జఖ్మ్.

ఇక్కడ నాకు పాఠం చెప్పింది మా ఊరి రఫూగర్ చాచా. బస్టాండు వెనుక నాలుగడుగుల దుకాణం. నా శీర్షిక వస్తున్న రోజుల్లో ఒక ఆదివారం 'రఫూ అంటే కుట్టు' అని రాశాను. సోమవారం పొద్దున్నే ఫోన్.

"బేటా, నువ్వు పేపర్ల కుట్టు అని రాసినవట. మా మనవరాలు చదివి చెప్పింది. నలభై ఏండ్ల నుంచి నేను చేసేది కుట్టా?"

"మరేంది చాచా?"

"దుకానుకు రా. చూపిస్త."

పోయాను. ఒక షేర్వానీ మోచేతి దగ్గర ఎలుక కొట్టిన రంధ్రం ఉంది. ఆయన బయటి దారం ముట్టలేదు. ఆ షేర్వానీ లోపలి మడతలోంచే పోగులు లాగాడు. రంధ్రానికి నిలువుగా ఒక్కో పోగు పరిచాడు. ఆ తర్వాత అడ్డంగా, ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి, చిన్న మగ్గం నేసినట్టు నేశాడు. గంటన్నర పట్టింది. వెలుతురులో పట్టి చూపించాడు. ఎక్కడ చిరిగిందో నాకు దొరకలేదు.

"కుట్టు రెండు అంచులను దగ్గరికి గుంజి ముడి వేస్తది. మచ్చ ఉంటది. రఫూ పోయిన బట్టను మళ్ళ నేస్తది. దారం బయటిది పనికిరాదు, రంగు కలవది. అదే బట్టల నుంచి తియ్యాలె. ఒక తాన చిరిగింది నింపనీకి ఇంకో తాన పోగులు తక్కువైతయి. సమ్జే?"

సమజైంది చాచా. గజల్‌లో జఖ్మ్‌కు రఫూ చేస్తానంటే, చిరిగిన గిరేబాన్‌కు రఫూ చేస్తానంటే, 'గాయానికి కుట్లు వేశారు' అని తెలుగులో రాసుకుంటూ వచ్చాను. కుట్లు డాక్టరు వేస్తాడు, దారం ఆస్పత్రిది. రఫూకు దారం నీ ఒంట్లోంచే తీయాలి. ఒక గాయం మాన్పడానికి ఇంకో చోట నువ్వు పలచబడాలి. దీన్ని నిఘంటువు చెప్పలేదు, రఫూగర్ చెప్పాడు. ఆ వారం శీర్షికలో సవరణ వేద్దామన్నాను. చోటు లేదన్నారు. నేను రెండోసారి అడగలేదు. అది కూడా నా ఖాతాలోనే రాసుకోండి.

జఖ్మ్ పారసీ మాట. పాత పారసీలో దానికి గాయం ఒక్కటే కాదు, దెబ్బ అనే అర్థమూ ఉంది. తీగ వాయిద్యాన్ని మీటే సాధనాన్ని జఖ్మా అంటారు. అంటే దెబ్బ తగిలిన చోట ఒక నాదం పుడుతుందనే తలపు ఆ మాట ఇంటిపక్కనే ఉంది. గజల్‌లో గాయానికి పెదాలుంటాయి, లబె-జఖ్మ్ అంటారు. తెరుచుకున్న గాయం నవ్వే నోరు. రఫూ చేస్తే ఆ నోరు మూసినట్టు. కాబట్టి గాయం మాన్పుతానని వచ్చినవాడు నోరు మూయించడానికి వచ్చాడా అనే అనుమానం ఎప్పుడూ ఉంటుంది. గాయం మానొద్దు అనడంలో సగం మతలబ్ అదే. మాట్లాడే నోరు ఒకటే మిగిలింది, దాన్ని మూయకండి అని.

ఈ మాట వెనుక ఉప్పు కూడా ఉంది. తెలుగులో పుండు మీద కారం చల్లుతాం. ఉర్దూలో జఖ్మ్ మీద నమక్ చల్లుతాం. 'కారం' అని మార్చేస్తే తెలుగుదనం వచ్చిందని నేను మురిసిపోయేవాణ్ణి. కానీ ఉర్దూలో హుస్న్ కూడా నమ్‌కీన్‌గా ఉంటుంది, చామనఛాయ అందానికి ఉప్పు రుచి చెప్తారు. మహబూబ్ వచ్చి జఖ్మ్ మీద నమక్ చల్లాడంటే బాధ పెట్టాడనీ అవుతుంది, తన అందం చూపించాడనీ అవుతుంది. కారం పెట్టగానే రెండోది పోయింది. ఉప్పును ఉప్పుగానే ఉంచి, పక్కన ఒక మాట చెప్తే పోయేది కాదు.

ఇప్పుడు ఒక వాక్యం పట్టుకుని మొత్తం చూద్దాం. ఏ ఉస్తాద్‌దీ కాదు, ఉదాహరణ కోసం నేను కట్టిన మామూలు వాక్యం. 'వో ఆయే తో జఖ్మ్ ఫిర్ హరే హో గయే.'

నా పాత పద్ధతిలో అయితే ఇలా రాసేవాణ్ణి. 'ఆమె వచ్చింది, గాయాలు మళ్ళీ ఆకుపచ్చగా అయ్యాయి.' చదివినవాడు నవ్వుతాడు. నవ్వాలి కూడా.

మొదటి తప్పు 'ఆమె'. ఉర్దూలో 'వో' ఆడా మగా చెప్పదు. 'ఆయే' అనే క్రియ మర్యాద బహువచనం, వ్యాకరణంలో పుంలింగం. గజల్ రివాజు ప్రకారం మహబూబ్‌కు అదే వాడతారు. కాబట్టి వచ్చింది పిల్లా, పీరా, పాదుషానా, పరమాత్మా, తలుపు తెరిచే ఉంటుంది. మనం 'ఆమె' అనో 'చెలీ' అనో రాసి గొళ్ళెం పెట్టేస్తాం. ఇష్క్ మజాజీ, ఇష్క్ హఖీఖీ అని వ్యాసాలు రాసేవాళ్ళే అనువాదంలో చెలీ అంటారు. వంతెన కూల్చేసి నది గురించి ప్రసంగం చేసినట్టు. పోనీ తెలుగులో దారి లేదా అంటే, ఉంది! 'వచ్చారు' అనండి. ఆడా మగా తెలియదు, ఒకరా పదిమందా తెలియదు, మర్యాద ఉంది. ఉర్దూ 'ఆయే'కు ఇంతకంటే దగ్గరి చుట్టం ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు. హీ అనో షీ అనో అనక తప్పని ఇంగ్లీషు అనువాదాలు చూసి మనం నేర్చుకున్నాం, మన ఇంట్లో ఉన్నది మర్చిపోయాం.

రెండో తప్పు 'ఆకుపచ్చ'. హరా అంటే ఆకుపచ్చే. కానీ జఖ్మ్ హరా కావడం అంటే మానిన గాయం మళ్ళీ రేగడం. తెలుగులో పచ్చి పుండు అంటాం, 'ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది' అంటాం. పచ్చి, పచ్చ, ఒక గూటి మాటలే. ఉర్దూ హరాలో ఉన్న రెండు సంగతులూ, ఆరని గాయమూ చెట్టు రంగూ, తెలుగు పచ్చిలో వినపడుతూనే ఉన్నాయి. ఇంకా ఒకటుంది. గజల్‌లో వసంతం వచ్చినప్పుడు తోటతో పాటు జఖ్మ్‌లూ హరా అవుతాయి. మహబూబ్ రాక వసంతం రాక ఒకటే కనుక. ఆ పొర బయట పెట్టాలంటే 'చిగురించాయి' అనొచ్చు. పచ్చి అంటే గాయం బలంగా కనపడుతుంది, వసంతం కొంచెం మసకబారుతుంది. చిగురు అంటే వసంతం కనపడుతుంది, నెత్తురు తగ్గుతుంది. ఏది పోగొట్టుకోవాలో చూసి ఎంచుకోవాలి. నేనైతే 'వచ్చారు. మానిన గాయాలు మళ్ళీ పచ్చిగయ్యాయి' అంటాను. 'మానిన' అనే మాట మూలంలో లేదు, 'ఫిర్'లో దాగి ఉంది. మళ్ళీ పచ్చిగ కావాలంటే ఒకసారి మాని ఉండాలి కదా.

ఇది మహా అనువాదం అని నేననను. కానీ దీన్ని చదివి ఆస్పత్రి జోక్ వేయడం కష్టం.

ఇక రెండు వైపులా చెప్పాల్సినవి చెప్పేస్తాను.

మనవైపు కొందరున్నారు. ముషాయిరాల్లో ముందు వరస. "తెలుగులో ఈ నజాకత్ రాదు మియా, వదిలేయండి" అంటారు. వీళ్ళతో నాకు ఆ పెద్దాయన కంటే ఎక్కువ జగడం. పచ్చి పుండు, గుండె తడి, 'వచ్చారు'లోని మర్యాద, ఇవేవీ వినని చెవులతో తెలుగు మీద తీర్పు చెప్తారు. దాశరథి గారు గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చి ఇన్నేళ్ళయింది. ఆ పుస్తకంతో ఏకీభవించండి, తగాదా పడండి, కానీ ముందు తెరవండి. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి రాదు. వాళ్ళకు గజల్ చేరేది తెలుగు అక్షరాల్లోనే. ఆ దారి మూసేసి నజాకత్ ఎవరి కోసం దాచుకుంటాం?

గజల్‌లో అరిగిపోయిన సరుకు లేదని కూడా నేననను. ఆ మాట మా హాలీ సాబ్ 1893లోనే 'ముఖద్దమా'లో అన్నాడు. అవే జుల్ఫ్‌లు, అవే తీర్‌లు, అనుభవం లేని ఏడుపులు అని సొంత ఇంటివాళ్ళనే కడిగేశాడు. కానీ హాలీకి ఆ మాటల పొరలన్నీ తెలుసు. గాలిబ్ దగ్గర కూర్చున్న మనిషి. తెలిసి తిట్టడానికి, పేపరు ముక్క చదివి నవ్వడానికి తేడా ఉంది.

అందుకే ఆ పెద్దాయనకు నా మనవి ఇది. సర్, మీరు చదివిన ముక్క నాది. తప్పు నాది. దాన్ని పారేయండి. కానీ మీ తరగతిలో విరహాన్ని 'దూరంగా ఉండడం' అని రాసిన కుర్రాడికి మీరు ఎన్ని మార్కులు వేస్తారో, నా 'దర్ద్ అంటే నొప్పి'కి కూడా అన్నే వేయండి. సున్నా వేసిన కాగితాన్ని వేదిక మీద సాక్ష్యంగా చదవకండి.

సభ అయ్యాక ఆ ఇద్దరు కుర్రాళ్ళను బయట చాయ్ బండి దగ్గర పట్టుకున్నాను. బేదర్ద్ అంటే ఏమిట్రా అని అడిగాను. ఒకడు టక్కున అన్నాడు, "దిల్ లేనోడు, మామూ." మరి దర్ద్ అంటే? నోరు తెరిచి, ఆగిపోయాడు. చాయ్ చల్లారేదాకా ఆలోచించాడు.

"దిల్ ఉండుడా?" అన్నాడు.

అరే బేటా, పదేళ్ళ కింద నువ్వే రాయాల్సింది ఆ శీర్షిక.